కిందిది వదులు

నాకు చెయ్యి ముందు, నోరు తర్వాత. మా ఇంట్లో అందరిదీ అదే వరస. నాన్న బొగ్గుబాయిలో పని చేసేవాడు. షిఫ్టు దిగి వచ్చాక ఎవరి మీద కోపం వచ్చినా ముందు మా చెంప పగిలేది, కారణం అన్నం దగ్గర తెలిసేది. అమ్మ చీపురు తిరగేసేది. అన్న నన్ను కొట్టేవాడు, నేను తమ్ముణ్ణి కొట్టేదాన్ని, వాడు కుక్కను తన్నేవాడు. కుక్క ఎవర్నీ కరిచేది కాదు. మా క్వార్టర్‌లో మంచిదనేది ఏదైనా ఉందంటే ఆ కుక్కే.

చదువుకుంటే ఇదంతా పోతుందని అనుకున్నాను. పోలేదు. తెల్లకోటు వేసుకుంది, అంతే.

అశ్వారావుపేట దాటాక, పామాయిల్ తోటల మధ్య ఉన్న ఒక కాలేజీలో నా పరిశోధన. పామాయిల్ మిల్లులో గెలలు ఉడికించి, పిండి, నూనె తీశాక అడుగున నల్లగా మిగిలే బురదను ఇక్కడ అందరూ మడ్డి అంటారు. దాన్ని ఎండబెట్టి నాటుకోళ్ళ దాణాలో కలిపితే వాటి కాలేయానికి ఎంత కొవ్వు పడుతుంది? ఇదీ నా ప్రశ్న. మూడు గుంపులు, గుంపుకు పది కోళ్ళు. ఒక గుంపుకు మడ్డి లేదు, ఒకదానికి కొంచెం, ఒకదానికి ఎక్కువ. కోడిపిల్లలప్పటి నుంచి పెంచి, రోజూ తూచి, ఒక పొద్దున్నే ముప్పయ్యింటినీ కోశాను.

మత్తు ఇస్తే కాలేయంలో ఏదైనా మారుతుందేమోనని కత్తే పద్ధతిగా పెట్టుకున్నాం. ఆ కోత నాదే. పట్టుకున్నది మా ల్యాబ్ అటెండర్. యాభై ఏళ్ళ మనిషి. నేను ఆయన్ను కాకా అనేదాన్ని. రెక్కలు వెనక్కి మడిచి, కాళ్ళు బిగించి పట్టుకుని, ప్రతి కోడికీ తల పక్కకి తిప్పేసుకునేవాడు. పదో కోడి దగ్గర నాకు విసుగొచ్చింది.

“చూడు కాకా, చూడకుంటే కత్తి నీ వేలు మీద పడతది.”

“పడనియ్యి మేడం. కోడి కళ్ళల్లకు సూసుడు నాతోని గాదు,” అన్నాడు.

నాకైతే అయింది. ముప్పై కాలేయాలు మంచుగడ్డల మీద వరసగా పెట్టేసరికి మోచేతుల దాకా నెత్తురు. మడ్డి తిన్న వాటి కాలేయాలు పసుపుగా, వేలుతో నొక్కితే నలిగేటట్టున్నాయి. నాకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నాకే అదోలా ఉంటుంది.

ప్రతి కాలేయం నుంచీ ఒక్క గ్రాము కోసి, క్లోరోఫాం రెండు వంతులు, మెథనాల్ ఒక వంతు కలిపిన ఇరవై మిల్లీలీటర్లలో మెత్తగా రుబ్బాను. మెథనాల్ కణాల పొరల్లోకి దూరి పట్టు విడిపిస్తుంది, క్లోరోఫాం కొవ్వును తనలోకి లాక్కుంటుంది. గుజ్జును వడకట్టి, ఆ ద్రవాన్ని గాజు గొట్టాల్లో పోసి బిగించాను. ప్లాస్టిక్ తగలకూడదు. క్లోరోఫాం ప్లాస్టిక్‌ను కూడా కొద్దికొద్దిగా కరిగించి తనలో కలుపుకుంటుంది, లెక్క తప్పుతుంది. మిగతా కాలేయం ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టాను, ఏదైనా తేడా వస్తే మళ్ళీ చేసుకోవచ్చని.

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. స్తంభాలు తోటల మీద అడ్డంగా పడ్డాయి. మా జిల్లాలోనే పాల్వంచలో ఊళ్ళన్నిటికీ కరెంటు పుట్టిస్తారు, మాకు మాత్రం నాలుగు రోజులు బల్బు వెలగలేదు. జనరేటర్ ఆఫీసు ఫ్యాన్లకు సరిపోయింది. మూడో రోజు ఫ్రీజర్ తలుపు తీస్తే కంపు మొహానికి కొట్టింది. ముప్పై ముక్కలూ కుళ్ళిపోయాయి. కోపంతో ఫ్రీజర్‌ను తన్నితే కాలి గోరు ఊడింది.

ఇక మిగిలింది గాజు గొట్టాల్లో ఉన్నదే. ఆ ముప్పై గొట్టాలే నా రెండేళ్ళ చదువు.

మామూలుగా అయితే ఆ ద్రవంలో ఐదో వంతు పలచటి ఉప్పునీళ్ళు కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. రెండు పొరలు చకచకా విడిపోతాయి. కరెంటు లేదు కనుక పాత పద్ధతికి దిగాను. బీరువాలోంచి సెపరేటింగ్ ఫన్నెల్స్ తీశాను. పైన మూత, కింద సన్నటి గొట్టానికి కాక్ అనే చిన్న కుళాయి ఉన్న గాజు బుడ్డీలవి. ద్రవమూ ఉప్పునీళ్ళూ అందులో పోసి, మెల్లగా తిరగేసి, లోపల పుట్టే ఆవిరిని కాక్ తెరిచి వదిలేసి, స్టాండుకు తగిలించి ఊరుకుంటే చాలు. కాసేపటికి మధ్యలో గీత గీసినట్టు తేటపడుతుంది. పైన మెథనాలూ నీళ్ళూ, వాటితో ఉప్పూ చక్కెరా వంటి సరుకు. కింద క్లోరోఫాం, అందులో కరిగిన కొవ్వు మొత్తం. రెంటి మధ్య తెల్లటి తెట్టులాగా మాంసకృత్తులు. క్లోరోఫాం నీళ్ళకంటే బరువు, అందుకే కిందికి దిగుతుంది. మనకు కావలసింది ఆ కింది పొరే.

ఈ చివరి మాట నాకు ఎంత పాతదంటే, ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

కాకాకు ఆ పని కొత్త. కానీ ఆ చేతులు కొత్తవి కావు. ఫన్నెల్‌ను నేను రెండుసార్లు గట్టిగా ఊపితే మబ్బులా కలిసిపోయి అరగంట దాకా విడిపోలేదు. ఆయన పసిపిల్లను పొర్లించినట్టు తిరగేస్తే పది నిమిషాల్లో గీత తేలింది. కాలేజీకి రాకముందు ఇరవై ఏళ్ళు ఆయన పామాయిల్ మిల్లులో, నూనె తేటపరిచే ట్యాంకు దగ్గర పని చేశాడు. అక్కడే ఆవిరి కొట్టి కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. కాలిన చోట తోలు గులాబీ రంగులో ముడతలు పడి ఉండేది. తర్వాత మిల్లు వాళ్ళు వద్దన్నారు. ఇక్కడ ఏడాదికోసారి తిరగరాసే కాంట్రాక్టు.

ముప్పయ్యింటికీ ఉప్పునీళ్ళు పడ్డాయి. ఆరు ఫన్నెల్స్, విడతకు ఆరు. మొదటి ఆరూ తేటపడుతుండగా ఆఫీసు నుంచి కబురు. మా గైడ్ సార్ పిలుస్తున్నారు, ఉన్నపళంగా రమ్మని. బల్ల మీద ముందే ఖాళీగా తూచి నంబర్లు వేసిన గాజు సీసాలు ముప్పై వరసగా ఉన్నాయి. పక్కన క్లోరోఫాం వ్యర్థాలు పోసే పెద్ద గోధుమరంగు సీసా.

తలుపు దగ్గర నుంచే అరిచాను. “కాకా, కిందిది మెల్లగ వదులు. పైది అందులనే ఉంచు. నంబర్ తప్పితే మాత్రం చంపేస్త.”

“అవ్ మేడం,” అన్నాడు.

సార్ దగ్గర గంటన్నర నిలబడ్డాను. రిపోర్టు ఆలస్యమైందని ఆయన నా ఫైలు తీసి గోడకు కొట్టాడు. కాగితాలు నేల మీద ఏరుకుంటుంటే బూటు నా వేళ్ళకు బెత్తెడు దూరంలో ఉంది. “బొగ్గుట్ట మీదికెళ్ళి వచ్చినోళ్ళకు రీసెర్చ్ దేనికి?” అన్నాడు. నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్నదంతా కడుపులో పెట్టుకుని ల్యాబ్‌కు వచ్చాను.

పని అయిపోయింది. ముప్పై సీసాలూ నంబరు ప్రకారం, ఒక్క చుక్క బయట పడకుండా నిలబడి ఉన్నాయి. ఫన్నెల్స్ కడిగి బోర్లించి ఉన్నాయి. గీత దగ్గర తెట్టును కూడా తీసేసి, అంత తేటగా విడదీయడం నాకే చాతకాదు. “శభాష్ కాకా,” అన్నాను. ఆయన నవ్వాడు.

హాస్టల్ వంటగది నుంచి గంగాళంలో గోరువెచ్చటి నీళ్ళు తెప్పించి, సీసాలను అందులో నిలబెట్టి, పైనుంచి నైట్రోజన్ సన్నగా ఊదడం మొదలుపెట్టాను. క్లోరోఫాం తొందరగా ఎగిరిపోతుంది. చూస్తుండగానే తగ్గి, అడుగున పసుపు జిడ్డు మిగలాలి. అరగంట అయింది, ముప్పావుగంట అయింది. మట్టం దిగడం లేదు. ముక్కుకు క్లోరోఫాం తియ్యటి వాసన తగలడం లేదు. ఒక సీసా తీసి డ్రాపర్‌తో నీటిచుక్క వేశాను. క్లోరోఫాం అయితే చుక్క పైన ముత్యంలా తేలాలి. కలిసిపోయింది.

ఇంకో సీసాలో వేశాను, కలిసిపోయింది. ఇంకోదాంట్లోనూ అంతే. గోధుమరంగు సీసా ఎత్తి చూశాను. పొద్దున అడుగున బెత్తెడు ఉండేది, ఇప్పుడు మెడ దాకా ఉంది, బరువుకు మణికట్టు వంగింది. ముప్పై కోళ్ళ కొవ్వూ ఒక్క సీసాలో. ఏది దేనిదో దేవుడు కూడా చెప్పలేడు.

“ఏం చేసినవ్?” అన్నాను. 

“ఏంది మేడం?”

చెంప మీద కొట్టాను. ఆయన టోపీ కింద పడింది. యాభై ఏళ్ళ మనిషి, తండ్రి వరస పెట్టి పిలిచే మనిషి. ఆయన చెంప పట్టుకోలేదు, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

“మీరే గదా మేడం కిందిది వదులుమన్నరు,” అన్నాడు. “వదిలిన. పైది మంచిగ దాచిన.”

అప్పుడు అర్థమైంది. మిల్లులో ట్యాంకు అడుగు వాల్వు తిప్పి మడ్డిని గుంటలోకి పంపడాన్ని వదలడం అంటారు. మడ్డి వదులుతారు, పైన తేలిన నూనె దాస్తారు. ఇరవై ఏళ్ళు ఆయన చేసింది అదే. నేను వదలమన్నది సీసాలోకి పట్టుకోమని. ఆయన విన్నది పారబొయ్యమని. పైది అందులోనే ఉంచమన్నాను, ఉంచాడు. తర్వాత నంబరు సీసాల్లోకి భద్రంగా వంచాడు. తప్పు నా వాక్యంలో ఉంది. అది నాకు పట్టపగలంత స్పష్టంగా కనిపించింది.

కనిపించాక రెండోసారి కొట్టాను.

ఈసారి చేత్తో కాదు. బల్ల మీద గొట్టాలు నిలబెట్టే చెక్క స్టాండ్ అందింది. ఆయన కాలిన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పలచటి తోలు మీద చెక్క అంచు దిగింది. పండు తొక్క చీరుకున్నట్టు చీరుకుంది, నెత్తురు గంగాళంలో నీళ్ళలో పడి తీగలు సాగింది. ఆయన కేకపెట్టలేదు. నేనే పెట్టాను. అటూ ఇటూ గదుల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఎవరో ఆయన్ను బండి మీద దవాఖానాకు తీసుకెళ్ళారు. నేను స్టాండ్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

మర్నాడు పొద్దున సార్ నా ముందు తెల్లకాగితం పెట్టాడు. అటెండర్ నిర్లక్ష్యం వల్ల నమూనాలు నాశనమయ్యాయి, కాంట్రాక్టు కొనసాగించవద్దు. మాటలు ఆయనవి, రాత నాది. “నువ్వు కొట్టిన సంగతి ఇందుల రాదు. వాడు కేసు గీసు అనకముందే పంపిద్దాం. నీకు కోళ్ళు మళ్ళ పెంచుకోనిస్త,” అన్నాడు. నేను సంతకం పెట్టాను. అబద్ధం ఎంత సులువుగా రాయొచ్చో ఆ పొద్దున తెలుసుకున్నాను.

మధ్యాహ్నం కాకా భార్య వచ్చింది. తోటలో గెలలు మోసే మనిషి. గెలలు గుచ్చి ట్రాక్టర్‌లోకి ఎత్తే ఇనుప కమ్మి చేతిలోనే ఉంది. వరండాలో అందరూ పక్కకు తప్పుకున్నారు. ల్యాబ్ గడప దగ్గర ఆగి, కమ్మిని నా కాళ్ళ ముందు విసిరింది. పలకరాళ్ళ మీద అది మోగిన మోత ఇంకా చెవిలో ఉంది.

“దీంతోని పొడుద్దమనే వచ్చిన. పొడిస్తె ఆయనకు బువ్వ ఎవరు పెడ్తరని సోయొచ్చింది,” అని నా జుట్టు దొరకబుచ్చుకుంది.

తల బల్లకేసి కొట్టింది. ఒకసారి, రెండుసార్లు. చెంపల మీద ఎడాపెడా వాయించింది. ముళ్ళు గీరుకుపోయిన అరచేతులు, గరుకుగా తగిలాయి. కొట్టడం వచ్చిన దాన్ని నేను. నా చేతులు లేవలేదు. పెదవి చిట్లి ఉప్పగా నోట్లోకి వచ్చింది.

అలసిపోయి ఆగి, వగరుస్తూ అంది. “మిల్లుల ఆయన లోపలుండంగ ఆవిరి వాల్వు తిప్పినోడు వేరేటోడు. ఆడ గూడ కాయితం మీద నిర్లక్ష్యం అనే రాసిండ్రు. గిప్పుడు నువ్వు గదే మాట రాసినవట. మీకందరికీ గా ఒక్క మాటేనా నేర్పింది బళ్ళె?”

కొంగుతో మొహం తుడుచుకుని, కమ్మి ఎత్తుకుని వెళ్ళిపోయింది. గాలివానకు పడ్డ గెలలు ఆ పూటే లోడు చేయాలి కాబోలు, గేటు దాటాక పరుగెత్తింది.

నేను మొహం కడుక్కోకుండానే ఆఫీసుకు వెళ్ళాను. కాగితం ఇంకా సార్ బల్ల మీదే ఉంది. తీసి చింపాను.

“కిందిది వదులు అని చెప్పింది నేను సార్. పట్టమని చెప్పలే. ఏ పొర కావాలో చెప్పలే. చూపియ్యలే. ఆయన చెప్పినట్టే చేసిండు.”

సార్ గాజు పేపర్ వెయిట్ తీసి విసిరాడు. కనుబొమ మీద తగిలింది. అది నా కోసం విసిరాడా, గోడ కోసమా, ఇప్పటికీ తెలియదు. నెత్తురు కంట్లోకి దిగుతుంటే ఇంకో కాగితం అడిగాను. తప్పు నాదని రాశాను. కొట్టానని కూడా రాశాను. ఆయన చదివాడు. అది బయటికి పోతే కాలేజీ పరువూ పోతుందని అనుకున్నాడేమో, సొరుగులో పెట్టి తాళం వేశాడు. కాకా కాంట్రాక్టు మిగిలింది. నా చదువు ఇంకో ఏడాది వెనక్కి జరిగింది.

కొట్టానని రాశాను కానీ, ఎన్నిసార్లో రాయలేదు.

కాకా పది రోజులకు కట్టుతో వచ్చాడు. అంతకుముందే దవాఖానాకు వెళ్ళి క్షమాపణ అడిగాను, అప్పుడు “అయితది మేడం” అన్నాడు, అంతే. ల్యాబ్‌లో మాత్రం నేను పక్కగా వెళ్తే ఆ చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయేది. ఆయన గమనించేవాడు కాదు. నేను గమనించేదాన్ని. ఆదివారం మా చర్చిలో సంస్కారపు రొట్టె కోసం చెయ్యి చాపాలంటే కాకా చెయ్యే గుర్తొచ్చి, రెండు వారాలు వరసలో నిలబడకుండా వెనక్కి వచ్చేశాను.

మళ్ళీ కోడిపిల్లలు, మళ్ళీ మడ్డి, మళ్ళీ కత్తి. ముప్పై కాలేయాలు రుబ్బాను, వడకట్టాను, ఉప్పునీళ్ళు కలిపాను. ఈసారి కరెంటు ఉంది, సెంట్రిఫ్యూజ్ ఉంది. అయినా ఫన్నెల్సే తీశాను. కాకాను స్టూల్ మీద కూర్చోబెట్టి, మొదటిది నేను చేసి చూపించాను. నంబరు సీసా కింద పెట్టి, కాక్ తిప్పి, కింది పొరను అందులోకి పట్టాను. గీత దగ్గరికి రాగానే, తెట్టు దిగకుండా ఆపాను. పై పొర ఫన్నెల్‌లో మిగిలింది. దాన్ని చూపించి, “ఇది పారబోసేది. నూనె కిందుంది,” అన్నాను.

“నూనె కింద ఎట్లుంటది మేడం?”

“క్లోరోఫాం నీళ్ళకంటే బరువు కాకా. నూనెను పట్టుకుని అడుక్కు పోతది.”

నైట్రోజన్ ఊదాను. ఇరవై నిమిషాలకు ద్రవం ఎగిరిపోయి, సీసా అడుగున పసుపు జిడ్డు మిగిలింది. ఆయన సీసా వెలుగులో పెట్టి వంచాడు. జిడ్డు గాజును పట్టుకుని మెల్లగా జారింది. మిల్లు మనిషి కదా, వాసన చూడబోయాడు. వద్దన్నాను.

“గీ ఒక్క మాట ఆ దినం చెప్తే అయిపోతుండె గదా,” అన్నాడు.

“అవును కాకా.”

సీసా కింద పెట్టాడు. మచ్చ మీద వేలితో రాసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

“మొదటిసారి కొట్టిండ్రు, నేను కరాబు చేసిన్నని కొట్టిండ్రు. గది నాకు సమజైంది. నేను చెప్పినంక మళ్ళ కొట్టిండ్రు సూడు మేడం, గది దేనికి? మా ఇంటిదానికి గూడ చెప్పలే నేను. రెండుసార్లని.”

నాన్న, అన్న, సార్, నా కడుపులో మూసిపెట్టుకున్నవి, అన్నీ సాకులుగా నోటి దాకా వచ్చాయి. ఏ ఒక్కటీ జవాబు కాదు.

“నువ్వు చెప్పింది నిజమైనందుకు,” అన్నాను.

ఆయన తల ఊపాడు. సరేనన్నట్టూ కాదు, క్షమించినట్టూ కాదు. లేచి రెండో ఫన్నెల్ దగ్గరికి వెళ్ళి, నంబరు సీసా కింద పెట్టి, కాలిన చెయ్యి కాక్ మీద వేసి ఆగాడు.

“వదలాల్నా మేడం, పట్టాల్నా?”

“పట్టు కాకా,” అన్నాను. ఆ తర్వాత ముప్పయ్యో సీసా దాకా, ప్రతిసారీ ఆగి అడిగాడు. ప్రతిసారీ చెప్పాను.